రెండు మందులూ పనిచేయకపోతే మూడో గడిలో ఏమి రాయాలి?

ప్రశ్న: నేను సైకియాట్రీలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఆసుపత్రి డిప్రెషన్ చికిత్సకు సొంత మార్గదర్శకం తయారు చేసుకుంటోంది. మందులకు లొంగని డిప్రెషన్ గురించిన అనుబంధం నా వంతుకు వచ్చింది. ఒక మందు, అది పనిచేయకపోతే మరొకటి, అదీ పనిచేయకపోతే తోడు మందు అని పటం గీశాను. తోడు మందుల గడిలో లిథియం, అరిపిప్రజోల్, క్వెటియాపిన్, మిర్టాజపిన్ రాసి, పక్కన ఎ, బి అని శ్రేణులు పెట్టాను. మా ప్రొఫెసర్‌గారు చూసి 'లిథియంకు ఎ ఎందుకు ఇచ్చావమ్మా?' అన్నారు. పుస్తకాల్లో అలాగే ఉందన్నాను. అది జవాబు కాదన్నారు. ఏమి చెప్పాలి? పటంలో ఏమి మార్చాలి?

సమాధానం: శ్రేణిని మందుకు ఇవ్వరు, ఒక వాక్యానికి ఇస్తారు. ఫలానా రకం రోగులకు, ఫలానా మందు వాడుతుండగా దీన్ని చేర్చితే, ఇన్ని వారాల్లో ఈ ఫలితం వస్తుందన్నది ఆ వాక్యం. మీరు వాక్యం రాయకుండా అక్షరం పెట్టారు. అందుకే ఆ ప్రశ్నకు దొరికిపోయారు.

లిథియంతోనే చూద్దాం. 1981లో మాంట్రియల్‌లో డి మాంటిన్యీ బృందం, ట్రైసైక్లిక్ మందులు వాడుతున్నా తగ్గని ఎనిమిది మందికి లిథియం చేర్చి, రెండు రోజుల్లోనే తేడా కనిపించిందని రాసింది. ఆ తరువాత ప్లాసిబోతో పోల్చిన ట్రయల్స్ వచ్చాయి. 2007లో ఒక బృందం, 2014లో మరో బృందం వాటిని కలిపి లెక్కవేస్తే ఇంచుమించు ఒకే జవాబు వచ్చింది: ఐదుగురికి లిథియం చేర్చితే, ప్లాసిబోతో బాగుపడేవారికి అదనంగా ఇంకొకరు బాగుపడతారు. బాగుపడటమంటే ఇక్కడ లక్షణాలు సగానికి తగ్గడం. మానసిక వైద్యంలో ఇంత మంచి సంఖ్య తరచుగా కనిపించదు. పుస్తకాలు దీన్ని చూసే 'ఎ' ఇచ్చాయి.

ఇప్పుడు ఆధారాలను తూచే గ్రేడ్ పద్ధతిలో మెట్టుమెట్టుగా రండి. ర్యాండమైజ్డ్ ట్రయల్స్ కాబట్టి ఆధారాల విశ్వసనీయత 'అధికం' దగ్గర మొదలవుతుంది. ట్రయల్స్ పది దాకా ఉన్నా, రోగులు అందరూ కలిపి మూడు వందల లోపే. ఇంత తక్కువ మందితో వచ్చిన సంఖ్య కొత్తగా ఒక పెద్ద ట్రయల్ వస్తే కదిలిపోగలదు. అందుకని ఒక మెట్టు దించాలి. తరువాత, ఆ రోగుల్లో ఎక్కువ మంది ట్రైసైక్లిక్‌ల మీద ఉన్నవారు. మీ ఓపీకి వచ్చేవారు ఎసిటలోప్రాం, సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్ మీద ఉంటారు. పైగా ఆ ట్రయల్స్‌లో చాలావాటికి ఒక్క మందు పనిచేయకపోయినా చాలు. మీ గడి మాత్రం రెండు మందులు విఫలమైనవారిది. ఆధారం ఉన్నది ఒక చోట, మీరు వాడబోయేది మరో చోట. ఇంకో మెట్టు దించాలి. 'అధికం' నుంచి 'తక్కువ'కు వచ్చేశాం.

రెండో మెట్టు దించనవసరం లేదు, 'మధ్యస్థం' దగ్గర ఆగవచ్చని వాదించేవారూ ఉన్నారు. కొత్త రకం మందులతో చేసిన కొద్దిపాటి చిన్న ట్రయల్స్‌లోనూ ఫలితం అదే దిశలో ఉందన్నది వారి పట్టు. ఆ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. నేను కమిటీలో కూర్చుంటే 'తక్కువ' అనే అంటాను. మీరు ఏది రాసినా ఎందుకు దించారో ఒక పంక్తి రాయండి. మీ ప్రొఫెసర్‌గారు అడిగింది ఆ పంక్తినే.

మరొక మాట. లిథియం వరుసలో 'ఆత్మహత్యల నివారణ' అని అలవాటుగా చేర్చేస్తుంటారు. పాత విశ్లేషణలు ఆ మాటకు ఊతమిచ్చాయి. కానీ 2022లో ప్రచురితమైన అమెరికా మాజీ సైనికుల ట్రయల్‌లో, అంతకుముందు ఆత్మహత్యకు ప్రయత్నించినవారితో సహా 519 మందికి ఉన్న చికిత్సకు తోడు లిథియం గానీ ప్లాసిబో గానీ ఇచ్చారు. తేడా తేలే సూచన లేదని ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. కాబట్టి ఆ మాటను డిప్రెషన్ తగ్గుదలతో కలపకుండా వేరే వాక్యంగా రాసి, దానికి వేరే శ్రేణి ఇవ్వండి.

ఇదే కొలతతో అరిపిప్రజోల్‌ను తూచండి. 2007, 2008లలో వచ్చిన మొదటి రెండు ట్రయల్స్ కట్టుదిట్టమైనవి. రోగులకు ముందు ఎనిమిది వారాలు తామే మందు ఇచ్చి చూసి, నిజంగా తగ్గనివారిని మాత్రమే ప్లాసిబోకో అరిపిప్రజోల్‌కో పంపారు. ఆరు వారాల తరువాత పూర్తి ఉపశమనం అరిపిప్రజోల్‌తో నూటికి 26 మందికి, ప్లాసిబోతో 16 మందికి వచ్చింది. రెండో ట్రయల్ కూడా అక్కడే తేలింది. అంటే పదిమందికి ఇస్తే అదనంగా ఒకరు. లిథియం లెక్కకన్నా చిన్న ఫలితమే, కానీ నమ్మకం ఎక్కువ. రోగులు వందల్లో ఉన్నారు, వారు వాడుతున్న మందులూ ఈనాటివే. కొత్తవారు తికమకపడేది ఇక్కడే: పెద్ద ఫలితం వేరు, నమ్మదగిన ఫలితం వేరు. అరిపిప్రజోల్ ఆరు వారాల ఉపశమనానికి నేను 'అధికం' ఇస్తాను. ఏడాది తరువాత ఏమవుతుందన్న వాక్యానికి అదే మందుకు 'తక్కువ' ఇస్తాను.

ఉన్న మందుకు తోడు చేర్చడమా, మందే మార్చడమా అన్నది 2017లో 1,522 మంది మాజీ సైనికులతో చేసిన మరో అమెరికన్ ట్రయల్ చూసింది. పన్నెండు వారాల్లో ఉపశమనం పొందినవారు బుప్రోపియాన్‌కు మార్చినవారిలో నూటికి 22, అరిపిప్రజోల్ చేర్చినవారిలో 29. వారిలో నూటికి 85 మంది మగవారు. మన ఓపీలో అలా ఉండదు. అరవై దాటినవారితో 2023లో వచ్చిన ట్రయల్‌లోనూ అరిపిప్రజోల్ చేర్చడమే మందు మార్చడంకన్నా నయమనిపించింది. బుప్రోపియాన్ చేర్చిన పెద్దవారు మాత్రం ఎక్కువసార్లు కిందపడ్డారు.

మిర్టాజపిన్‌ది మరీ మంచి పాఠం. బ్రిటన్‌లో 480 మందితో, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందో ఎస్‌ఎన్‌ఆర్‌ఐ రకం మందో వాడుతున్నా తగ్గనివారికి దీన్ని చేర్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. పన్నెండు వారాలకు ప్లాసిబోతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువ. అంటే దీనికి ఆధారం గట్టిదే, సిఫారసు మాత్రం 'మామూలుగా చేర్చవద్దు'. మీ పటంలో 'బి' అన్న ఒక్క అక్షరం ఈ రెండు సంగతులనూ ఎలా మోస్తుంది? అందుకే ఒక్కో వరుసలో రెండు గుర్తులు ఉండాలి: ఆధారాల విశ్వసనీయతకు ఒకటి, సిఫారసు బలానికి ఒకటి. క్వెటియాపిన్ వరుసలో 2025లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌ను మరచిపోవద్దు. అందులో 212 మందికి లిథియం గానీ క్వెటియాపిన్ గానీ చేర్చి ఏడాది పాటు చూశారు. లక్షణాల భారం క్వెటియాపిన్ వైపు తక్కువగా ఉంది. ఈ రెండింటినీ ముఖాముఖి నిలిపి అంతకాలం చూసిన ట్రయల్స్ చాలా అరుదు.

ఇక పటం. మీ పటంలో లోపం తోడు మందుల గడిలో లేదు, దాని ముందు ఉంది. 'రెండు మందులు విఫలం' అని రాశారు. ఏది వైఫల్యమో రాయలేదు.

కమిటీల్లో పటాన్ని పరీక్షించడానికి నేను ఒక కాగితపు రోగిని వెంట తీసుకుపోతాను. ఆమె వయసు 46, దర్జీ పని చేస్తుంది. చీటీ మీద 'మూడు మందులూ పనిచేయలేదు' అని రాసి పంపారు. చీటీలు ముందు వేసుకుని అడిగితే తేలేది ఇది. సెర్ట్రలిన్ రెండు వారాలు 25 మి.గ్రా., మూడు వారాలు 50 మి.గ్రా. వాడి, విరేచనాలవుతున్నాయని మానేసింది. అది పడకపోవడం, పనిచేయకపోవడం కాదు. తరువాత అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 25 మి.గ్రా. ఇచ్చారు. ఆ మోతాదు నిద్రకో, ఒంటినొప్పులకో సరిపోతుంది. డిప్రెషన్ లెక్కలోకి రాదు. మూడోది ఎసిటలోప్రాం: 10 మి.గ్రా. పది వారాలు, ఆపైన 20 మి.గ్రా. ఆరు వారాలు. మాత్రల అట్టలు తెచ్చి చూపించింది, ఎక్కడా గడి మిగల్లేదు. ఇది వైఫల్యమే. మూడు కాదు, ఒకటి.

మీ పటం ఈమెను నేరుగా తోడు మందుల గడిలోకి తోసేస్తుంది. నా పటంలో అక్కడికి దారి ఒక చిన్న పట్టిక గుండా పోతుంది. ఒక్కో మందుకు చేరిన అత్యధిక మోతాదు, ఆ మోతాదు మీద గడిచిన వారాలు, నిజంగా మింగారా అన్నదానికి సాక్ష్యం, మానడానికి కారణం, మొదట్లోనూ చివర్లోనూ డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 స్కోరు. తగిన మోతాదులో కనీసం ఆరు వారాలు వాడని మందు వైఫల్యాల లెక్కలోకి రాదు. రెండు వరుసలు ఇలా నిండితేనే గడి తెరుచుకుంటుంది.

పట్టిక నిండినా మూడు ప్రశ్నలు మిగులుతాయి. టీఎస్‌హెచ్, హీమోగ్లోబిన్, బి12 చూశారా? మద్యం, స్టెరాయిడ్లు ఏమైనా ఉన్నాయా? వీటికన్నా ముఖ్యమైనది మూడోది: ఎప్పుడైనా నాలుగైదు రోజులు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మాటలూ ఖర్చులూ పనులూ ఒక్కసారిగా పెరిగిన కాలం ఉందా? దీన్ని రోగిని అడిగితే చాలదు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఆ రోజులు 'నేను బాగున్న రోజులు'గానే గుర్తుంటాయి. ఇంట్లో ఉన్న అక్కనో, భర్తనో అడగాలి. బైపోలార్‌ను డిప్రెషన్ అనుకుని మందు తరువాత మందు మార్చుతూ పోవడం నేను చూసిన 'లొంగని' కేసుల్లో తరచుగా కనిపించే తప్పు. నేనూ చేశాను.

మన దర్జీకి ఇవేవీ లేవు. వెన్లాఫాక్సిన్ మొదలుపెట్టి 225 మి.గ్రా.కు తీసుకువెళ్లాం, ఆ మోతాదు మీద ఎనిమిది వారాలు ఆగాం, బీపీ చూస్తూ వచ్చాం. పీహెచ్‌క్యూ-9 స్కోరు 19 నుంచి 14కు దిగింది. ఇప్పుడు రెండో వరుస నిండింది. కొంత తగ్గింది, మందు పడుతోంది. వచ్చిన ఆ కాస్త మేలును వదులుకోవడం ఎందుకు? తోడు చేర్చడమే మేలు. బొత్తిగా కదలిక లేకపోయినా, మందు పడకపోయినా మార్చడం మేలు. ఈ చీలిక మీ పటంలో లేదు, గీయండి. ఇది ఎక్కువగా వైద్యుల అనుభవం మీద నిలిచిన సలహా కాబట్టి విశ్వసనీయత 'తక్కువ' అని నిజాయితీగా పక్కన రాయండి.

ఆమెకు లిథియమా, అరిపిప్రజోలా? బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. కుట్టుమిషను తొక్కి మోకాళ్లు నొప్పులని వారానికి మూడు నాలుగుసార్లు మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ కొనుక్కుంటోంది. ఈ రెండూ మూత్రపిండాల ద్వారా లిథియం బయటికి పోకుండా అడ్డుపడి, రక్తంలో దాని స్థాయిని పెంచేస్తాయి. పైగా ఆమె ఊరిలో లిథియం పరీక్ష చేసే ల్యాబ్ లేదు. సిఫారసు బలం ఆధారాల నుంచి మాత్రమే రాదు. హాని, ఖర్చు, అక్కడ సాధ్యమా కాదా అన్నవి కూడా దాన్ని తేలుస్తాయి. ఈమె విషయంలో అరిపిప్రజోల్ ముందుకు వస్తుంది.

5 మి.గ్రా. మాత్రలో సగంతో మొదలుపెట్టాం. రెండో వారంలో 5 మి.గ్రా. చేశాం. ఫ్లూయోక్సెటిన్ గానీ పారోక్సెటిన్ గానీ వాడుతున్నవారైతే అవి అరిపిప్రజోల్ స్థాయిని పెంచుతాయి కనుక సగం మోతాదుతోనే సరిపెట్టాలి. మరో పదిరోజులకు ఆమె వచ్చి తనకు ఎక్కువైందంటుంది. నిద్ర లేదు, స్థిమితం లేదు, మిషను దగ్గర పది నిమిషాలు కూర్చోలేకపోతోంది. స్కోరు 14 నుంచి 16కు ఎక్కింది. పటం గుడ్డిగా అనుసరించే వైద్యుడు ఇక్కడ 'స్పందన లేదు, మోతాదు పెంచు' అన్న బాణం వెంట పోతాడు. అది అకతీసియా, మందు వల్ల కాళ్లకు కుదురు లేకుండా పోయే దుష్ప్రభావం. మొదటి ట్రయల్స్‌లో అరిపిప్రజోల్ తీసుకున్న ప్రతి నలుగురిలో ఒకరికి వచ్చింది. పీహెచ్‌క్యూ-9లో నిద్ర గురించి, కుదురులేకపోవడం గురించి అంశాలు ఉన్నాయి కాబట్టి మందు చేసిన హాని స్కోరులో జబ్బులా కనిపిస్తుంది.

తేడా కనిపెట్టడానికి ఒక్క ప్రశ్న చాలా దూరం తీసుకుపోతుంది: 'కుదురులేనిది మనసుకా, కాళ్లకా?' కాళ్లకని చెప్పి, నిలబడినప్పుడు ఒక కాలి మీది బరువు మరో కాలికి మారుస్తూ ఉంటే అనుమానం బలపడుతుంది. మోతాదు పెరిగిన రోజుల్లోనే మొదలైందా అన్నదీ అడగాలి. మళ్లీ 2.5 మి.గ్రా.కు దించాం, వారంలో నెమ్మదించింది. నెమ్మదించకపోతే, ఆస్తమా లేనివారికి కొద్ది మోతాదులో ప్రొప్రనొలాల్ వాడవచ్చు. అకతీసియా ఉన్నన్నాళ్లూ ఆత్మహత్య ఆలోచనల గురించి ప్రతిసారీ అడగాలి. ఆ బాధ మనిషిని తోసేసే బాధ. పటంలో 'మోతాదు పెంచు' అన్న ప్రతి బాణానికీ ముందు 'అకతీసియా ఉందా?' అన్న గడి పెట్టండి.

ఆరు వారాలకు ఆమె స్కోరు 8. మొదటి 19తో పోలిస్తే సగానికి పైగా దిగింది, కానీ ఉపశమనం అంటే 5 లోపు ఉండాలి. కాగితపు రోగే కదా, 3కు దించేయవచ్చు. దించను, ఎందుకంటే పై ట్రయల్స్‌లో అరిపిప్రజోల్ చేర్చిన నిజమైన రోగుల్లో పూర్తి ఉపశమనం వచ్చింది పదిమందిలో సుమారు ముగ్గురికే. మీ గడిలో మందులు తప్ప ఇంకేమీ లేవన్న సంగతి ఇక్కడ బయటపడుతుంది. బ్రిటన్‌లో 2013లో 469 మందితో ఒక ట్రయల్ చేశారు. మందు వాడుతున్నా తగ్గనివారికి, మందు కొనసాగిస్తూ సీబీటీ అనే మాటల చికిత్స చేర్చారు. ఆరు నెలలకు లక్షణాలు సగానికి తగ్గినవారు సీబీటీతో నూటికి 46, మామూలు చికిత్సతో 22. వీరిలో ఎవరు సీబీటీ పొందుతున్నారో రోగికి తెలియకుండా దాచలేరు, పైగా ఒక్క మందు విఫలమైనవారినీ చేర్చుకున్నారు. అందుకని నేను 'మధ్యస్థం' ఇస్తాను. అయినా తోడు మందుల గడిలో దీన్నీ ఒక తోడుగా రాయండి. అరిపిప్రజోల్ కింద కాదు, పక్కన.

లిథియం తగిన రోగికి మీ అనుబంధంలో వరుస ఇలా ఉంటే చాలు: 'ఎస్‌ఎస్‌ఆర్‌ఐ లేదా వెన్లాఫాక్సిన్‌కు కొంత తగ్గి ఆగిపోయినవారికి లిథియం చేర్చవచ్చు. ఆధారాల విశ్వసనీయత తక్కువ: రోగులు తక్కువ, ఎక్కువ మంది ట్రైసైక్లిక్‌ల మీద ఉన్నారు. సిఫారసు షరతులతో: రక్తంలో లిథియం కొలిచే ఏర్పాటు ఉంటేనే.' దాని కింద ముందుగా చేయవలసిన క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం, ఈసీజీ రాయండి. గర్భం ధరించగల వయసువారితో ఆ సంగతి మాట్లాడాలనీ రాయండి. లక్ష్యం లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్. మోతాదు మార్చిన ఐదారు రోజులకు, చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీయాలి.

రక్తం తీసే గొట్టం గురించి కూడా రాయండి. కొన్ని ఆకుపచ్చ మూత గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ ఉంటుంది. అందులో తీస్తే మందు మింగనివారికి కూడా స్థాయి ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి నేను ఆ కాగితం చూసి ఒక రోగిని అర్ధరాత్రి ఆసుపత్రికి రప్పించాను. ఆయన హాయిగా నడుచుకుంటూ వచ్చి ఏమైందని నన్నే అడిగారు. ఎండాకాలం పంక్తి కూడా వదలకండి. మే నెలలో చెమట పట్టి నీళ్లు తగ్గినా, ఉపవాసమున్నా, విరేచనాలు పట్టుకున్నా స్థాయి పెరుగుతుంది. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, నడకలో తూలు, మాట ముద్దగా రావడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే రావాలని రోగికీ ఇంట్లోవారికీ చెప్పి, చీటీ మీద రాసి ఇవ్వాలి.

పటానికి అంచున ఒక తలుపు ఉండాలి. భ్రమలూ భ్రాంతులూ ఉన్న డిప్రెషన్, తిండీ నీళ్లూ మానేసిన మనిషి, కటటోనియా, ఈరోజో రేపో ప్రాణానికి ముప్పు ఉన్నవారు ఈ మెట్లన్నీ ఎక్కనక్కర లేదు. ఏ గడి నుంచైనా నేరుగా విద్యుత్తుతో ఇచ్చే ఈసీటీ చికిత్సకు పోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని నిషేధించింది. మైనర్లకైతే సంరక్షకుల సమ్మతితో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కూడా కావాలి. కెటమిన్ సంగతి మీవాళ్లు తప్పకుండా అడుగుతారు. 2023లో అమెరికా ట్రయల్‌లో భ్రమలు లేని రోగుల్లో స్పందించినవారు కెటమిన్‌తో నూటికి 55, ఈసీటీతో 41. స్వీడన్ ట్రయల్‌లో ఆసుపత్రిలో చేరిన రోగుల్లో ఉపశమనం పొందినవారు ఈసీటీతో 63, కెటమిన్‌తో 46. అమెరికా ట్రయల్‌లో ఎక్కువ మంది ఓపీ రోగులు, స్వీడన్‌లో అందరూ వార్డు రోగులు, కొలిచిన ఫలితమూ ఒకటి కాదు. కాబట్టి ఒకే వరుసలో ఇరికించకుండా రెండు వాక్యాలుగా రాసి, రెండు శ్రేణులు పెట్టండి.